మలద్వారం పక్కన గడ్డ, మళ్లీ మళ్లీ చీము: ఫిస్టులాకి ఆపరేషన్ ఎందుకు?

ఈ రోజు చాలామంది ఇంట్లో కూడా చెప్పుకోలేని సమస్య గురించి మాట్లాడదాం. మలద్వారం పక్కన గడ్డ వస్తుంది, పగులుతుంది, చీము పోతుంది. తగ్గిందిలే అనుకుంటాం. కొన్ని వారాలకి అదే చోట మళ్లీ తడి.

అమ్రాబాద్ నుంచి 26 ఏళ్ల ఆటో డ్రైవర్ ఒకతను నా దగ్గరికి వచ్చాడు. 8 నెలల కింద గడ్డ లేచి, జ్వరం వచ్చి, అదే పగిలిపోయింది. మొలలు అనుకుని 4 సార్లు యాంటీబయాటిక్స్ వాడాడు. వాడినన్ని రోజులు తగ్గేది, ఆపితే మళ్లీ వచ్చేది. "సార్, గోలీలతో పోదా?" అని అడిగాడు.

పోదు. ఎందుకో చూడండి. మలద్వారం లోపల చిన్న గ్రంథులు ఉంటాయి. వాటిలో ఒకటి మూసుకుపోతే లోపల చీము పడుతుంది. అదే గడ్డ. ఆ చీము చర్మం దాకా దారి చేసుకుని బయటికి వస్తుంది. చాలామందిలో గడ్డ మానినా ఆ దారి మిగిలిపోతుంది. దాన్నే ఫిస్టులా అంటాం, ఆయుర్వేదంలో భగందరం. బయటి రంధ్రం మూసుకున్నా లోపలి రంధ్రం నుంచి క్రిములు వస్తూనే ఉంటాయి. గోలీ క్రిముల్ని తగ్గిస్తుంది గానీ దారిని మూయలేదు.

ఇతనికి ఎంఆర్ఐ తీస్తే, దారి మోషన్ ఆపే కండరంలో కింది అంచునే దాటింది. కాబట్టి ఆ దారిని పొడవునా తెరిచి, శుభ్రం చేసి వదిలేశాం. తీసిన ముక్కని టీబీ ఉందేమోనని పరీక్షకి పంపాం, లేదని వచ్చింది. అదే దారి కండరంలో ఎక్కువ భాగం దాటి ఉంటే ఇలా కోయకూడదు. కోస్తే మోషన్ మీద కంట్రోల్ పోవచ్చు. అప్పుడు దారిలో సీటన్ అనే దారం వేసి, చీము కారిపోనిచ్చి, తర్వాత రెండో ఆపరేషన్ ఆలోచిస్తాం. ఎలా చేసినా కొందరికి మళ్లీ వచ్చే అవకాశం ఉంటుంది.

పుండుకి కుట్లు వేయలేదేంటని ఇంట్లోవాళ్లు కంగారు పడ్డారు. కావాలనే వేయం. అది అడుగు నుంచి పైకి మానాలి. పైన ముందే మూసుకుంటే లోపల మళ్లీ చీము చేరుతుంది. ఇతనికి మానడానికి 6 వారాలు పట్టింది.

ఇంట్లో ఏం చేయాలి? గోరువెచ్చని నీళ్ల టబ్బులో 10 నిమిషాలు, రోజుకి 2, 3 సార్లు, మోషన్ అయ్యాక తప్పకుండా కూర్చోవాలి. డెట్టాల్, సబ్బు వద్దు. మెత్తగా తుడిచి శుభ్రమైన ప్యాడ్ పెట్టుకోవాలి. నీళ్లు, ఆకుకూరలు, జొన్నరొట్టె తీసుకుంటే మోషన్ గట్టిపడదు. కొంచెం రక్తం, తడి మామూలే. కానీ జ్వరం, పెరిగే నొప్పి, ఆగని రక్తం, మూత్రం రాకపోవడం ఉంటే వెంటనే ఆసుపత్రికి రండి.

ఇంకొకటి. గడ్డ కొత్తగా లేచి, ఎర్రగా ఉండి జ్వరం ఉంటే పగిలేదాకా ఆగొద్దు. షుగర్ ఉన్నవాళ్లయితే అదే రోజు సర్జన్‌కి చూపించండి. వాళ్లలో ఇన్ఫెక్షన్ చాలా త్వరగా పాకుతుంది.