టెండర్‌లో ఇంజనీరు బయోడేటా: మార్కులు ఎక్కడ పడతాయి, ఎక్కడ పోతాయి

నాలుగు వరసల రహదారి పనిని పర్యవేక్షించడానికి కన్సల్టెన్సీ కంపెనీని ఎంచుకునే టెండర్‌లో రెండు కవర్లు ఉంటాయి. ఒకటి సాంకేతిక ప్రతిపాదన, రెండోది ధర. ముందు తెరిచేది మొదటిదే. అందులో టెండర్ అడిగిన కనీస మార్కులు (చాలా చోట్ల నూటికి 75) రాని కంపెనీ ధర కవర్ తెరవకుండానే వెనక్కి పోతుంది. ఈ సాంకేతిక మార్కుల్లో పెద్ద వాటా కంపెనీకి కాదు, అది పంపబోయే మనుషులకు పడుతుంది. టీమ్ లీడర్, రెసిడెంట్ ఇంజనీర్, బ్రిడ్జి ఇంజనీర్, మెటీరియల్ ఇంజనీర్ వంటి వారిని టెండర్ భాషలో ‘కీ పర్సనల్’ అంటారు. ఒక్కొక్కరి గురించీ నిర్ణీత నమూనాలో జతచేసే బయోడేటానే ఇక్కడ ప్రొఫైల్.

పని చేసే కాంట్రాక్టర్‌ను ఎంచుకునే టెండర్లలో పద్ధతి వేరు. ప్రపంచ బ్యాంకు అప్పుతో జరిగే నిర్మాణ పనులకు పీఈఆర్-1, పీఈఆర్-2 అనే ఫారాలుంటాయి. మొదటిది ఏ పోస్టుకు ఎవరన్న జాబితా, రెండోది ఆ మనిషి వివరాలు, అతని సంతకంతో కూడిన ధ్రువీకరణ. అక్కడ సాధారణంగా మార్కులుండవు; అడిగిన అర్హత ఉందా, లేదా అన్నదే చూస్తారు. మార్కుల లెక్క కన్సల్టెన్సీ టెండర్లదే. తప్పులు ఎక్కువగా దొర్లేదీ అక్కడే.

టీమ్ లీడర్‌కు కేటాయించిన మార్కులను రహదారి టెండర్లు స్థూలంగా మూడు భాగాలు చేస్తాయి: చదువు, ఆ పనికి సరిపోయే అనుభవం, అదే కంపెనీలో ఎంతకాలంగా ఉన్నాడన్నది. మూడోదానికి పడేవి కొద్ది మార్కులే. చదువుకు పావు వంతు అటూఇటుగా ఉంటుంది, మిగతాదంతా అనుభవానిదే. విభజన ఒక్కో టెండర్‌కు మారుతుంది కాబట్టి, పాత టెండర్‌కు కట్టిన బయోడేటాను కొత్తదానికి యథాతథంగా పంపే అలవాటు మంచిది కాదు.

చదువు విషయంలో సందేహానికి తావు ఉండదనిపిస్తుంది. కానీ డిప్లొమాతో ఉద్యోగంలో చేరి, తర్వాత దూరవిద్యలో బీటెక్ పూర్తిచేసిన వాళ్లు ఈ రంగంలో తక్కువేం కాదు. కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ పట్టాలు చెల్లవని 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2001–05 మధ్య చేరినవారికి మాత్రం ఏఐసీటీఈ ఆధ్వర్యంలో జరిగే పరీక్ష పాసై పట్టా నిలబెట్టుకునే అవకాశం మిగిల్చింది. ఏఎంఐఈకీ ఒక గీత ఉంది: 2013 మే 31 లోపు నమోదైనవారికే అది డిగ్రీతో సమానం. అలాంటి పట్టాలున్నప్పుడు సర్టిఫికెట్‌తో పాటు నమోదు తేదీ రుజువు కూడా జతచేయకపోతే, పరిశీలించేవారు మార్కులు ఆపేస్తారు. వారిని తప్పుపట్టడానికీ లేదు.

అసలు చిక్కంతా అనుభవం లెక్కలో ఉంది. టెండర్ రెండు రకాల అనుభవం అడుగుతుంది. ఒకటి ఇంజనీరుగా మొత్తం ఎన్నేళ్లు అన్నది. రెండోది అదే స్థాయి హోదాలో, అదే తరహా పనుల్లో ఎన్నేళ్లు అన్నది. మొదటిది దాటడం తేలిక. మనిషి నిలిచేదీ, పడేదీ రెండోదాని దగ్గరే.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూడవచ్చు. టీమ్ లీడర్ పోస్టుకు నాలుగు వరసల రహదారుల్లో టీమ్ లీడర్‌గా గానీ రెసిడెంట్ ఇంజనీర్‌గా గానీ కనీసం 8 ఏళ్లు, అంటే 96 నెలలు, టెండర్ అడిగింది. ఒక ఇంజనీరు బయోడేటాలో మూడు పనులున్నాయి. 2015 జనవరి నుంచి 2018 డిసెంబరు దాకా 42 కిలోమీటర్ల పనిలో రెసిడెంట్ ఇంజనీర్: 48 నెలలు. 2019 జులై నుంచి 2022 జూన్ దాకా మరో ప్యాకేజీలో టీమ్ లీడర్: 36 నెలలు. 2022 జనవరి నుంచి 2024 సెప్టెంబరు దాకా ఇంకో ప్యాకేజీలో అదే హోదా: 33 నెలలు. కూడితే 117 నెలలు, అంటే 9 ఏళ్ల 9 నెలలు. బయోడేటాలో రాసిందీ అదే.

పరిశీలించే అధికారి ముందుగా తేదీలను క్యాలెండర్ మీద పరుస్తాడు. రెండో పని, మూడో పని 2022 మొదటి ఆరు నెలల్లో ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ఒక ప్యాకేజీ అప్పగింత దశలో ఉండగా ఇంకోటి మొదలవడం ఈ వృత్తిలో మామూలే, అందులో మోసమేమీ లేదు. అయినా ఒక నెలను రెండుసార్లు లెక్కించరు. మిగిలినవి 111. తర్వాత క్లయింటు ఇచ్చిన అనుభవ పత్రం తీస్తాడు. మొదటి పనిలో తొలి 18 నెలలు ఆయన అసిస్టెంట్ రెసిడెంట్ ఇంజనీరేనని, తర్వాతే పైహోదా వచ్చిందని అందులో ఉంది. ఆ 18 నెలలు మొత్తం అనుభవంలో నిలుస్తాయి గానీ ‘అదే స్థాయి హోదా’లో నిలవవు. మిగిలింది 93 నెలలు. మూడు నెలలు తక్కువ పడ్డాయి! ఇరవై ఏళ్లుగా రోడ్డు మీదే ఉన్న మనిషి అలా కనీస అర్హతకు ఇవతలే ఆగిపోతాడు.

ఇలాంటిది ముందే పట్టుకోవడం కష్టం కాదు. ప్రతి పనికీ మొదలు, ముగింపు నెలలతో రాసి, హోదా మారిన చోట ఆ పనిని రెండు వరుసలుగా విడగొట్టి, టెండర్ చెప్పిన గడువు తేదీ దగ్గర లెక్క ఆపితే లోటు కంపెనీకే కనిపిస్తుంది. అప్పుడు మరో ఇంజనీరును చూసుకోవచ్చు. ‘2015–2018’ అని ఏళ్లు మాత్రమే రాసే బయోడేటాను అధికారులు మొదటినుంచీ అనుమానంగానే చూస్తారు.

ఒక్కో పని గురించి ఏం రాయాలన్నది తర్వాతి సంగతి. క్లయింటు, రహదారి పొడవు, వరసలు, పని విలువ, తారురోడ్డా కాంక్రీటు రోడ్డా, పెద్ద వంతెనలు, రైల్వే పైవంతెనలు ఎన్ని అన్నవి ఉండాలి. తర్వాత ఆ మనిషి స్వయంగా ఏం చేశాడన్నది రావాలి. ఎక్కువ బయోడేటాల్లో ఇక్కడ కంపెనీ పనుల వివరణే అతికించి ఉంటుంది. నలుగురు ఇంజనీర్ల కాగితాల్లో ఒకే పేరా కనిపిస్తే చదివేవారికి అర్థం కాకుండా ఉండదు. ‘నాణ్యత పర్యవేక్షణ చేశారు’ అనే మాట ఎవరికైనా సరిపోతుంది. ‘రైల్వే పైవంతెన గర్డర్లు ఎక్కించే ప్రణాళికను పరిశీలించి, లైన్ బ్లాక్ కోసం రైల్వే అధికారులతో మాట్లాడి, ఆ రాత్రి పనికి బాధ్యత వహించారు’ అని రాస్తే ఆ మనిషి ఎక్కడ నిలబడి పనిచేశాడో తెలుస్తుంది. కొత్త ప్యాకేజీలో రైల్వే పైవంతెన ఉంటే, ఇలాంటి వివరమే ఆ పనికి ఆయన సరిపోతాడని చూపుతుంది.

రాసింది నిజమేనని తేల్చడానికి కేంద్ర రహదారి రవాణా శాఖ 2016లో ఇన్‌ఫ్రాకాన్ అనే పోర్టల్ తెచ్చింది. కన్సల్టెన్సీ కంపెనీలు, ఇంజనీర్లు అందులో వివరాలు నమోదు చేసుకుంటారు. ఆధార్, డిజిలాకర్‌లతో దానికి అనుసంధానం ఉంది. ఒకే ఇంజనీరు ఒక టెండర్‌కు ఒక బయోడేటాలో ఒక హోదా, మరో టెండర్‌కు ఇంకో హోదా చెప్పుకోవడం దీంతో కష్టమైంది. అయినా కంపెనీ ఇంజనీరుకు తెలియకుండానే ఆయన బయోడేటా పెట్టేయడం పూర్తిగా పోలేదు. అందుకే ఇంజనీరు సంతకం, అందుబాటులో ఉంటానన్న హామీ అడుగుతారు. ఒకే వ్యక్తి బయోడేటా రెండు కంపెనీల ప్రతిపాదనల్లో తేలితే దానికి సున్నా మార్కులు వేయాలన్న నిబంధన కూడా టెండర్లలో కనిపిస్తుంది.

పని దక్కాక మనిషిని మార్చేయడం ఇంకో పాత జాడ్యం. మంచి బయోడేటా చూపి మార్కులు తెచ్చుకుని, ఆరోగ్యం బాగోలేదనో, రాజీనామా చేశారనో చెప్పి తక్కువ జీతానికి దొరికేవారిని సైటుకు పంపడం దాని రూపం. దీనికి అడ్డుగా ఒప్పందాల్లో రెండు షరతులు పెడతారు: కొత్తగా వచ్చేవారి అర్హత పాతవారికి సమానంగా గానీ మెరుగ్గా గానీ ఉండాలి, మార్పు తర్వాత ఆ పోస్టుకు చెల్లించే వేతనంలో కొంత శాతం కోత పడుతుంది. కొత్త వ్యక్తి బయోడేటాకూ మళ్లీ అవే ప్రమాణాలతో మార్కులు వేసి, క్లయింటు ఆమోదించాకే ఆయన సైటులో చేరాలి.