కొనాలనిపించిందా? చిట్టాలో రాసి ఏడు రోజులు ఆగండి

నలభై ఏళ్లు దాటిన ఒక ఇల్లాలు నిద్ర పట్టడం లేదనీ, మధ్యాహ్నం అయ్యేసరికి తలనొప్పి వస్తోందనీ చూపించుకోవడానికి వచ్చారు. ఏడాది నుంచీ థైరాయిడ్ మాత్రలు వేసుకుంటున్నారు. రక్తపరీక్ష చేయించి రమ్మని చెప్పి అప్పటికి మూడు నెలలైంది. ఎందుకు చేయించలేదని అడిగితే, "ఈ నెల చెయ్యి ఆడలేదండీ" అన్నారు. ఆమె భర్త పక్కనే కూర్చున్నారు. ఆయన కోపంగా కాదు గానీ, విసుగ్గా అన్నారు: "పరీక్షకి డబ్బుండదండీ. రోజు విడిచి రోజు పార్సిళ్లు తెచ్చే కుర్రాడికి మాత్రం ఉంటుంది."

ఆమె తల దించుకున్నారు. ఆయన బయటకు వెళ్లాక అసలు విషయం చెప్పారు. కొన్ని పార్సిళ్లు ఎదురింటివారి దగ్గర దింపించుకుంటున్నారట. విప్పనివి బీరువా అడుగున నాలుగున్నాయట. "కొనేటప్పుడు చాలా అవసరం అనిపిస్తుందండీ. వచ్చాక విప్పబుద్ధి కూడా కాదు" అన్నారు.

ఈ చివరి మాట మీలో చాలామందికి అనుభవమే అయి ఉంటుంది. దాని వెనుక ఉన్న కారణం తెలుసుకుంటే, దానికి మందు ఏమిటో కూడా తెలుస్తుంది.

కోరిక ఎప్పుడు ఎక్కువ?

మన మెదడులో డోపమీన్ అనే రసాయనం ఉంది. కోరికకూ, వెంటపడి సాధించాలనే తహతహకూ దానితో దగ్గర సంబంధం. 1990లలో వుల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రజ్ఞుడు కోతులకు పండ్లరసం ఇస్తూ, వాటి మెదడులో ఈ రసాయనాన్ని విడుదల చేసే కణాలను గమనించాడు. రసం ఇచ్చే ముందు ప్రతిసారీ ఒక గుర్తు చూపించేవాడు. మొదట్లో రసం నోటికి అందినప్పుడు ఆ కణాలు చురుకయ్యేవి. కోతులు అలవాటుపడ్డాక మాత్రం గుర్తు కనపడగానే చురుకయ్యేవి. ఎదురుచూసిన రసం ఎదురుచూసినట్టే అందితే, వాటిలో పెద్ద కదలిక ఉండేది కాదు.

దుకాణం అద్దాల వెనుక చీర కనపడినప్పుడూ, ఫోనులో బొమ్మ కనపడినప్పుడూ మనలో కలిగే తహతహ కూడా ఇటువంటిదే. చేతికి అందబోతోందన్న ఆశలోనే వేడి ఎక్కువ. అందాక చల్లారిపోతుంది. అందుకే పార్సిలు విప్పబుద్ధి కాదు.

ఈ వేడిలో ఉన్నప్పుడు "ఇది నాకు అవసరమా?" అని ఎంత ప్రశ్నించుకున్నా, అవసరమనే జవాబు వస్తుంది. కాబట్టి ఆ సమయంలో మనసుతో వాదించకండి. గడువు పెట్టండి. వేడి దిగాక అదే ప్రశ్న మళ్లీ వేయండి. వద్దనుకోవడం కష్టం. "వచ్చే గురువారం చూద్దాం" అనుకోవడం అంత కష్టం కాదు.

చిట్టా ఎలా రాయాలి?

ఒక చిన్న నోటుపుస్తకం చాలు. ఫోనులో రాసుకోవద్దు. కోరిక పుట్టే చోటే ఫోను కదా! ఆమెతో ఆరు విషయాలు రాయించాను: వస్తువు పేరు, ధర, రాసిన తేదీ, రాసిన వేళ, అప్పుడు మనసు ఎలా ఉంది, నిర్ణయం తీసుకోవలసిన తేదీ. నాలుగోదీ, అయిదోదీ అనవసరం అనిపించవచ్చు. అసలు కిటుకు అక్కడే ఉంది. ఆ సంగతి తరువాత చెబుతాను.

గడువు ధరను బట్టి ఉండాలి. ఆమె ఇంటి ఆదాయానికి ఇలా పెట్టాము. అయిదు వందల లోపు వస్తువుకు ఒక రాత్రి. అయిదు వందల నుంచి అయిదు వేల దాకా ఏడు రోజులు. ఆపైన ముప్ఫై రోజులు. ముప్ఫై రోజులంటే మధ్యలో ఒకసారి జీతం వస్తుంది, పాలవాడికీ, స్కూలు ఫీజుకీ, అద్దెకీ వెళ్లిపోతుంది. ఆ తరువాత మిగిలింది చూసి నిర్ణయించుకోవచ్చు. మీ ఆదాయాన్ని బట్టి ఈ అంకెలు మార్చుకోండి. కానీ ఒకసారి పెట్టుకున్నాక వస్తువును చూసి మార్చకండి.

మందులు, వైద్యపరీక్షలు, తిండి సరుకులు, పిల్లల పుస్తకాలు, పాడైన గ్యాసు పొయ్యి రిపేరు - ఇవి చిట్టాలోకి రాకూడదు. ఇవి వెంటనే జరగాలి. ఆమె మొదటి వారం పిల్లవాడి బూట్లు కూడా చిట్టాలో రాశారు. పాత బూటు అట్ట ఊడిపోయి, వాడు గుడ్డ కట్టుకుని బడికి వెళ్తున్నాడు. ఆ పద్దు కొట్టించి, ఆ రోజే కొనమన్నాను. చిట్టా ఇంటివాళ్లను ఇబ్బంది పెట్టడానికి కాదు.

ఒక నెల లెక్క

ఆ నెలలో ఆమె చిట్టాలో మిగిలినవి ఏడు. వాటి ధరలన్నీ కలిపితే 11,950 రూపాయలు.

450 రూపాయల ప్లాస్టిక్ డబ్బాలు ఒక రాత్రి ఆగాయి. తెల్లవారి అలమారలో ఉన్నవి లెక్కపెడితే పదిహేడు తేలాయి. 380 రూపాయల రోల్డ్‌గోల్డ్ గాజులు మర్నాటికి ఏ రంగువో గుర్తు రాలేదు. 520 రూపాయల ముఖానికి రాసుకునే క్రీము "ఈ రోజే ఆఖరు" అని చూపించినది. ఏడో రోజున చూస్తే అదే ధరకు, అదే "ఈ రోజే ఆఖరు"! 1,100 రూపాయల దుప్పట్ల సెట్టు బీరువాలో విప్పనివి బయటికి తీయగానే చిట్టాలోంచి పోయింది. 6,800 రూపాయల ఎయిర్ ఫ్రయర్ కోసం ముప్ఫై రోజుల గడువులో ఉండగా, అది ఉన్న ఒక స్నేహితురాలిని అడిగారు. ఆవిడ దాన్ని రెండుసార్లు వాడి అటక ఎక్కించారట.

మిగిలినవి రెండు. 1,250 రూపాయల పెనం. పాతదాని పూత ఊడి దోసె అంటుకుపోతోంది. ఏడు రోజులూ పొద్దున్నే అది గుర్తుకు వచ్చింది. ఎనిమిదో రోజున కొన్నారు. 1,450 రూపాయల నేత చీర. అది అవసరమని ఎవరూ అనలేరు. కానీ ఏడు రోజుల తరువాత కూడా దాని అంచు కళ్లముందు ఉంది. అదీ కొన్నారు. ఇంట్లో చెప్పి కొన్నారు, కట్టుకున్నారు కూడా.

ఖర్చయినది 2,700. ఆగిపోయినది 9,250. రక్తపరీక్ష ఆ నెలలోనే జరిగింది.

వేళ చెప్పిన నిజం

ఇప్పుడు నాలుగో, అయిదో పద్దుల సంగతి. ఏడింటిలో అయిదు రాత్రి పది తరువాత రాసినవి. మనసు ఎలా ఉందన్న చోట "అలసట" అని మూడుసార్లు, "ఒక్కదాన్నే" అని రెండుసార్లు ఉంది. అందరూ పడుకున్నాక, గిన్నెలు సర్దుకున్నాక, ఆమెకంటూ దొరికేది ఆ గంటే. అప్పుడు ఫోను చేతిలోకి తీసుకుని పన్నెండున్నర దాకా మేలుకునేవారు. నిద్ర పట్టకపోవడానికీ, మధ్యాహ్నం తలనొప్పికీ అది కూడా కారణమే. అలసిన మెదడుకు పట్టు తక్కువ. నిద్ర చాలకపోతే మర్నాడు ఇంకా తక్కువ.

కాబట్టి ఆమెకు రెండు పనులు చెప్పాను. రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను వంటింట్లో చార్జింగుకు పెట్టాలి. దుకాణాల యాప్‌లలో దాచి ఉన్న కార్డు నంబర్లు తీసేసి, అవి పంపే సందేశాలు ఆపేయాలి. కొనడానికి అడుగులు ఎక్కువ వేయవలసి వస్తే, ఆలోచనకు వ్యవధి దొరుకుతుంది. ఆ గంటను ఆమె ఏం చేసుకోవాలో నేను చెప్పలేదు. భోజనం కాగానే గిన్నెల పని భర్త తీసుకున్నారనీ, అప్పుడు తను చెల్లెలితో మాట్లాడుకుంటున్నాననీ తరువాత వచ్చినప్పుడు ఆమే చెప్పారు.

ఎక్కడ తప్పుతుంది?

గడువులో ఉన్న వస్తువును రోజూ తీసి చూసుకుంటే గడువు పెట్టి లాభం లేదు. చూసినప్పుడల్లా వేడి రాజుకుంటుంది. యాప్‌లోని బుట్టలో ఉంచితే అదే మీకు గుర్తు చేస్తూ ఉంటుంది. బుట్ట ఖాళీ చేసి, పేరు పుస్తకంలో మాత్రం ఉంచండి. గడువు నాటికి మీకై మీకు గుర్తు రాకపోతే, ఆ వస్తువు అక్కర్లేదన్నమాట.

గడువు తీరింది కాబట్టి కొనవచ్చు అనుకోవడం రెండో పొరపాటు. గడువు తీరడమంటే నిర్ణయించుకునే రోజు రావడం మాత్రమే. ఆ రోజు మూడు ప్రశ్నలు వేసుకోండి. దీన్ని ఇంట్లో ఎక్కడ పెడతాను? ఇది వస్తే ఏది బయటికి పోతుంది? తగ్గింపు లేకుండా పూర్తి ధరకైనా కొనేదాన్నేనా? వాయిదాల్లో అయితే తప్ప కొనలేనిది అయితే, మరో నెల ఆగండి.

మూడోది, ఇంట్లో ఒకరి చిట్టాను మరొకరు కాపలా కాయడం. అప్పుడు పార్సిళ్లు మళ్లీ ఎదురింటికి వెళ్తాయి. ఎవరి పుస్తకం వారిది. భర్తకూ ఒకటి ఉండాలి. ఈ ఇంట్లో ఆయన పుస్తకంలో మొదటి పద్దు మోటారు సైకిలు!

చిట్టా చాలనప్పుడు

కొనకపోతే ఒళ్లు వణికినంత ఆందోళన, దాచిపెట్టడం, అప్పులు చేయడం, ఎన్నిసార్లు ఆగుదామనుకున్నా ఆగలేకపోవడం - ఇవి నెలల తరబడి ఉంటే అది సాధారణ అలవాటు కాదు. ఎమిల్ క్రెపెలిన్ అనే జర్మన్ మనోవైద్యుడు ఈ ధోరణిని నూరేళ్ల కిందటే వర్ణించాడు. మనోవైద్యుల దగ్గర దీనికి చికిత్స ఉంది. సిగ్గుపడనక్కరలేదు.

ఎప్పుడూ లెక్కగా ఉండే మనిషి ఉన్నట్టుండి విచ్చలవిడిగా కొంటూ, రాత్రి రెండు మూడు గంటలే నిద్రపోయినా ఉత్సాహంగా ఉంటూ, ఆగకుండా మాట్లాడుతూ ఉంటే, వారం ఆగకండి. అది ఉన్మాదం అనే మానసిక వ్యాధి కావచ్చు. వెంటనే వైద్యునికి చూపించండి. అలాగే పార్కిన్సన్ వ్యాధికి ఇచ్చే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులు కొందరిలో ఆపుకోలేని కొనుగోలు కోరికను పుట్టిస్తాయి. మందు మొదలుపెట్టాకో, మోతాదు పెంచాకో ఇంట్లో పెద్దవారిలో ఈ మార్పు కనిపిస్తే డాక్టరుకు చెప్పండి. మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

మొన్న ఆమె మళ్లీ వచ్చారు. నిద్ర కుదిరింది, తలనొప్పి తగ్గింది. చిట్టా తెచ్చి చూపించారు. ఆ నెలలో మూడే పద్దులు. ఆఖరిది రాత్రి కాదు, ఉదయం పదకొండింటికి రాసినది: "కుండీలు రెండు, మల్లె అంటు ఒకటి. మనసు బాగానే ఉంది."