ఫీజు మాఫీ అర్జీలో ప్రిన్సిపాల్ వెతికేదేమిటి?

"దేవుడిలాంటి మీ పాదాలకు నమస్కరించి రాయునది. మేము చాలా కష్టాల్లో ఉన్నాం. మీరు దయతలచకపోతే నా చదువు ఆగిపోతుంది. మా కుటుంబం రోడ్డున పడుతుంది..."

ఫీజు మాఫీ కోరే అర్జీలు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. కష్టం నిజమే కావచ్చు. కానీ పేజీ నిండా రాసినా ఎంత బకాయి ఉందో, ఎందుకు కట్టలేకపోతున్నారో, కాలేజీ ఏం చేయాలో అందులో కనిపించదు. ప్రైవేటు కాలేజీల్లో మాఫీ నిర్ణయం చాలాసార్లు యాజమాన్యానిది. ప్రిన్సిపాల్ తన మాట జోడించి అర్జీని పైకి పంపాలి. అక్కడ చదివేవాళ్లు విద్యార్థిని ఎప్పుడూ చూసి ఉండరు, ఆమె తరఫున మాట్లాడేది ఆ కాగితం ఒక్కటే.

తెలంగాణలోని ఒక పట్టణంలో బీకాం రెండో సంవత్సరం చదివే బీసీ విద్యార్థిని పరిస్థితి ఇలా ఉందనుకుందాం. తండ్రి తాపీ మేస్త్రీ, తల్లి ఇంట్లో బట్టలు కుడుతుంది. ఇద్దరి సంపాదన కలిపి ఏడాదికి 2,88,000 రూపాయలని తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువీకరణ పత్రంలో ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు పట్టణాల్లోని బీసీ కుటుంబాల ఆదాయ పరిమితి 2 లక్షలు. కాబట్టి ఆమెకు ఆ పథకం వర్తించలేదు. ఇంతలో అక్టోబరులో తండ్రి పరంజా మీంచి పడ్డాడు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆదాయ పత్రం ప్రమాదానికి ముందటి సంపాదన చెబుతోంది. ఇల్లు నడుస్తున్నది ప్రమాదం తర్వాతి సంపాదనతో. ఆ తేడాను అర్జీయే వివరించకపోతే, జతచేసిన పత్రమే ఆమెకు ఎదురు తిరుగుతుంది. అదే అర్జీని ఇలా తిరగరాయవచ్చు:

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,

విషయం: ట్యూషన్ ఫీజు బకాయి 10,000 రూపాయల మాఫీ గురించి.

నేను బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈ ఏడాది ట్యూషన్ ఫీజు 18,000 రూపాయల్లో జులైలో 8,000 చెల్లించాం. మా నాన్నగారు తాపీ మేస్త్రీ. అక్టోబరు 14న పని చేస్తుండగా పరంజా మీంచి పడి ఎడమ కాలు విరిగింది. ఆపరేషన్ జరిగింది. ఆరు నెలలు పనికి వెళ్లకూడదని డాక్టరు రాసిచ్చారు. అప్పటి నుంచి అమ్మ కుట్టుపని మీద నెలకు వచ్చే సుమారు 6,000 రూపాయలే మా ఆదాయం. అందులో 3,000 ఇంటి అద్దెకు పోతుంది.

నా ఆదాయ పత్రంలోని 2,88,000 రూపాయలు ప్రమాదానికి ముందటి లెక్క. ఆ కారణంగా ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు. వేరే స్కాలర్‌షిప్ ఏదీ పొందడం లేదు.

బకాయి 10,000 మాఫీ చేయవలసిందిగా కోరుతున్నాను. పూర్తిగా వీలుకాని పక్షంలో సగం మాఫీ చేసి, మిగతా 5,000 జనవరి నుంచి నెలకు 1,000 చొప్పున కట్టేందుకు అనుమతించగలరు. పరీక్ష ఫీజు గడువులోగా మేమే చెల్లిస్తాం.

జతచేసినవి: ఫీజు రసీదు, ఆసుపత్రి డిశ్చార్జి పత్రం, విశ్రాంతి అవసరమని డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్, ఆదాయ పత్రం, అద్దె రసీదు."

ఇందులో కాళ్లు పట్టుకోవడం లేదు, బెదిరింపూ లేదు. ప్రతి మాటకూ వెనక ఒక కాగితం ఉంది. కుట్టుపని ఆదాయానికి రసీదు ఉండదు కనుకే అక్కడ "సుమారు" అని రాసింది. స్కాలర్‌షిప్ సంగతి ముందే చెప్పడానికీ కారణం ఉంది: ఒకే ఫీజుకు రెండు చోట్ల సాయం అందుతోందేమోనని ఆఫీసులో మొదట అడిగేది అదే.

పరీక్ష ఫీజును విడిగా ప్రస్తావించడం కూడా ఊరికే కాదు. యూనివర్సిటీకి చేరే ఆ డబ్బును వదులుకోవడం మామూలుగా ప్రిన్సిపాల్ చేతిలో ఉండదు. "మొత్తం ఫీజు మాఫీ చేయండి" అని రాస్తే, చేయగలిగినదీ చేయలేనిదీ కలిసిపోయి అర్జీ పక్కకు వెళ్లే ప్రమాదం ఉంది. వాయిదాల ప్రతిపాదన వల్ల యాజమాన్యం ముందు "అవును", "కాదు" అనే రెండు దారులే కాక మూడోది కూడా ఉంటుంది. అయితే కట్టగలిగినంతే రాయాలి. అద్దె పోగా 3,000 మిగిలే ఇంట్లో నెలకు 2,000 కడతామంటే రెండో నెలకే మాట తప్పాల్సి వస్తుంది.

ఇంట్లో గొడవలు, అప్పులిచ్చినవాళ్ల పేర్లు, తండ్రి ఆరోగ్యంలో ఫీజుతో సంబంధం లేని వివరాలు అర్జీలో అక్కర్లేదు. అది ఆఫీసులో నలుగురి చేతుల మీదుగా వెళ్తుంది.

అర్జీని పరీక్ష ఫీజు గడువు ముంచుకొచ్చాక కాకుండా, డిశ్చార్జి పత్రం చేతికి రాగానే ఇవ్వడం మేలు. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోవాలి. మాఫీ మంజూరైతే నోటిమాటతో సరిపెట్టుకోకుండా ఉత్తర్వు కాపీ అడగాలి. ఆ మొత్తం ఫీజు ఖాతాలో తగ్గిందో లేదో అకౌంట్స్ విభాగంలో చూసుకోవాలి. లేకపోతే హాల్‌టికెట్ల సమయంలో పాత బకాయి మళ్లీ తెరమీదికి వస్తుంది.