అమలాపురం 24 బిట్లలో

కంప్యూటర్ మామూలుగా ప్రతి ఇంగ్లీషు అక్షరానికీ 8 బిట్లు కేటాయిస్తుంది. amalapuram అని టైపు చేస్తే పది అక్షరాలకు 80 బిట్లు. అందులో a నాలుగుసార్లు, m రెండుసార్లు వస్తే, l, p, u, r ఒక్కోసారే వచ్చాయి. మాటిమాటికీ వచ్చే a కి పొట్టి కోడ్ ఇస్తే చోటు కలిసొస్తుంది.

చిక్కల్లా ఒక కోడ్ ఎక్కడ ముగిసిందో తెలియడంలోనే. a కి 0, p కి 1, m కి 01 ఇచ్చామనుకోండి. 01 కనిపిస్తే అది m అనుకోవాలా, a పక్కన p అనుకోవాలా? అందుకే ఏ కోడూ ఇంకో కోడుకు మొదటి భాగం కాకూడదు. కోడ్‌లను చెట్టుగా గీసి, ఎడమ కొమ్మకు 0, కుడి కొమ్మకు 1 రాసి, అక్షరాలను ఆకుల దగ్గరే పెడితే ఈ నియమం దానంతటదే కుదురుతుంది. ఆకు దాటాక దారి ఉండదు.

ఈ చెట్టును పైనుంచి కిందికి చీల్చుకుంటూ వచ్చే పద్ధతి ముందే ఉండేది. కానీ అది అన్నిసార్లూ అతి తక్కువ బిట్లు ఇవ్వదు. 1951లో ఎం.ఐ.టి. విద్యార్థి డేవిడ్ హఫ్‌మన్, రాబర్ట్ ఫానో క్లాసుకు రాయాల్సిన టర్మ్ పేపర్ కోసం దాన్ని తిరగేసి, కిందినుంచి కట్టుకొచ్చాడు. అన్నిటికన్నా తక్కువసార్లు వచ్చే రెండింటిని జతకట్టి, ఆ జతను ఒకే అంశంగా లెక్కవేసి, మళ్లీ అదే పని చేయాలి.

ప్రతిసారీ అతి చిన్న రెండింటిని వెతకాలి కాబట్టి మిన్ హీప్ వాడతారు. అందులో అతి చిన్న సంఖ్య ఎప్పుడూ పైనే ఉంటుంది. మన సంఖ్యలు 4, 2, 1, 1, 1, 1. ఒకట్లు జతలైతే 2, 2. మిగిలిన 2, 2, 2, 4లో రెండు రెళ్లు కలిస్తే 4. తర్వాత 2, 4 కలిసి 6, చివరికి 4, 6 కలిసి 10. జతల మొత్తాలు కూడండి: 2+2+4+6+10=24. కుదించాక వచ్చే బిట్లు సరిగ్గా అన్నే! జత కట్టిన ప్రతిసారీ దాని కిందున్న అక్షరాలన్నిటి కోడ్‌కూ ఒక బిట్ చేరుతుంది కదా. సైజు ఒక్కటే కావాలంటే చెట్టు గీయనక్కర్లేదు:

```
while len(h) > 1:
    s = heappop(h) + heappop(h)
    total += s
    heappush(h, s)
```

సమాన సంఖ్యల్లో దేన్ని ముందు తీశారన్నదాన్ని బట్టి చెట్టు మారుతుంది. ఒక చెట్టులో a కి 1 బిట్, ఇంకోదానిలో 2 బిట్లు. మొత్తం మాత్రం 24 నుంచి కదలదు. కాబట్టి కోడ్‌లు పక్కవాళ్లవాటితో కలవలేదని కంగారు పడకుండా మొత్తాలు పోల్చుకోవాలి. aaaa లాగా ఒకే అక్షరం ఉంటే మాత్రం పై లూప్ సున్నా చెబుతుంది. అక్కడ అక్షరానికి ఒక బిట్ చొప్పున మనమే ఇవ్వాలి.

ఇంకో ఖర్చుంది. 24 బిట్లంటే 3 బైట్లే, కానీ విప్పేవాడికి ఏ అక్షరానికి ఏ కోడో కూడా పంపాలి. ఆరు అక్షరాల పేర్లకే 6 బైట్లు, వాటి కోడ్ పొడవులు రాసేసరికి అసలు పదం పట్టే 10 బైట్లూ దాటిపోవచ్చు. ఫైలు పెద్దదైతే ఈ పట్టిక భారం తెలియదు. జిప్ ఫైళ్లలోని డిఫ్లేట్ పద్ధతి అయితే కోడ్‌లు పంపనే పంపదు. పొడవులు మాత్రమే పంపుతుంది. వాటి నుంచి కోడ్‌లను ఒకే వరసలో తయారుచేసుకునే నియమం రెండు వైపులా ముందే ఉంటుంది.