‘తగు చర్య’ అంటే ఏ చర్య?

ఒక ఊరికి తాగునీటి పైపులైను వేస్తున్నారనుకుందాం. ఒకచోట అది రోడ్లు, భవనాల శాఖ వారి తారు రోడ్డును దాటాలి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ఇంజినీర్లు అనుమతి కోరుతూ జనవరి 18న ఆర్‌ అండ్‌ బీ డివిజన్‌ ఆఫీసుకు లేఖ పంపారు. మార్చి సగమైనా జవాబు లేదు. ఇటు ట్యాంకు వరకూ, అటు వీధుల వరకూ పైపులు పడిపోయాయి. మధ్యలో పన్నెండు మీటర్ల రోడ్డు మాత్రం మిగిలింది. జిల్లా ఆఫీసుల్లో పనిచేసిన వాళ్లకు ఇది బాగా తెలిసిన పరిస్థితే. శాఖల పేర్లు మారుతుంటాయి, అంతే.

ఇలాంటప్పుడు సాధారణంగా వెళ్లే రిమైండరు ఇలా ఉంటుంది: ‘పలుమార్లు కోరినప్పటికీ తమ కార్యాలయం నుంచి ఇంతవరకు ఎటువంటి స్పందన లేదు. జాప్యం వల్ల పనులు నిలిచిపోయాయి. కావున తక్షణమే తగు చర్య తీసుకోగలరు.’ నకలు కలెక్టరు గారికి, నకలు సూపరింటెండింగ్‌ ఇంజినీరు గారికి. రాసినవారి కసి తీరుతుంది, కానీ అవతలి ఆఫీసులో దీన్ని అందుకున్న గుమాస్తా ఏం చేయాలి? ఏ కాగితం తీయాలో, ఎవరి సంతకానికి పెట్టాలో ఇందులో లేదు. ఆయన చేయగలిగిందల్లా జాప్యం తమది కాదని చూపే జవాబు తయారుచేయడమే. దానికింకో మూడు వారాలు పడుతుంది.

కాబట్టి రాయడానికి ముందు ఫైలు ఎక్కడుందో కనుక్కోవాలి. ఈ-ఆఫీసు వచ్చాక మన శాఖలో ఫైలు ఏ బల్ల మీద ఉందో తెరమీద తెలిసిపోతుంది గానీ, పక్క శాఖ ఫైలు కదలికలు మనకు మామూలుగా కనిపించవు. మన లేఖ అక్కడ ముందు రసీదుగా నమోదై, తర్వాత వాళ్ల ఫైల్లో చేరుతుంది. మన లేఖ నంబరు చెబితే అక్కడి సెక్షన్‌లో చాలామందికి ఏమీ తట్టకపోవడానికి కారణం ఇదే. ‘మా పని ఎంతవరకు వచ్చింది సార్‌?’ అని అడిగితే ‘ప్రాసెస్‌లో ఉందండీ’ అన్న జవాబే వస్తుంది. ‘జనవరి 18 నాటి మా లెటరు మీ దగ్గర ఏ ఫైలు నంబరులో నడుస్తోందండీ? ఇప్పుడు ఎవరి దగ్గరుంది?’ అని అడిగితే జవాబు వేరుగా ఉంటుంది. దాని తర్వాత అడగాల్సింది ఒకటే: ‘మా వైపు నుంచి ఇంకేమైనా కావాలా?’

మన ఉదాహరణలో ఈ ప్రశ్నకే తాళం తెరుచుకుంది. ఫైలు డివిజన్‌ ఆఫీసులో లేదు, తనిఖీ కోసం సబ్‌ డివిజన్‌కు వెళ్లి అక్కడే ఉంది. పైపు ఏ కిలోమీటరు రాయి దగ్గర దాటుతుందో డ్రాయింగులో లేదు. ఊరి పేరు మాత్రమే ఉంటే అక్కడి ఏఈ ఎక్కడికని వెళ్లి చూస్తారు? ఆ ఒక్క అంకె కోసం కొర్రీ రాసి పంపాల్సింది, పంపలేదు. అసలు కారణం ఇంకొకటుంది. అది కాగితం మీద ఎవరూ రాయరు. ఆ రోడ్డుకు కిందటేడే కొత్తగా తారు పడింది. దాన్ని తవ్వడానికి అనుమతిస్తే రేపు ఆడిట్‌లో ఎవరు సమాధానం చెప్పాలి? ఫైలు ఆగినచోట తరచూ బద్ధకం కాదు, ఇలాంటి భయమే ఉంటుంది. సంతకం పెట్టే మనిషి భయం తీరితేనే సంతకం పడుతుంది. మనం రాసే లేఖ ఆ భయానికి జవాబివ్వాలి.

మార్చి 21న రెండు శాఖల ఏఈలూ కలిసి స్థలం చూశారు. రోడ్డు తవ్వకుండా, కింద నుంచి అడ్డంగా బోరు వేసి, కేసింగ్‌ పైపులోంచి నీటి పైపును దాటించవచ్చని తేలింది. ఖర్చు కాస్త ఎక్కువే, కానీ తారు చెదరదు. ఆ తర్వాత వెళ్లాల్సిన లేఖ ఇది:

‘విషయం: తాగునీటి పైపులైను – కి.మీ. 14/200 వద్ద రోడ్డు దాటింపునకు అనుమతి – గురించి.
సూచిక: 1. ఈ కార్యాలయ లేఖ, తేదీ జనవరి 18. 2. సంయుక్త తనిఖీ, తేదీ మార్చి 21.
తనిఖీలో అనుకున్న ప్రకారం రోడ్డు తవ్వకుండా బోరు పద్ధతిలో పైపు దాటించేలా డ్రాయింగు సవరించి జతపరిచాము. చెల్లించవలసిన డిపాజిట్‌ ఎంతో తెలుపుతూ డిమాండ్‌ నోటీసు ఇప్పించవలసిందిగా కోరుతున్నాము. అది అందిన మూడు రోజుల్లో చెల్లిస్తాము. ఏప్రిల్‌ 30లోగా అనుమతి అందితే జూన్‌లో వానలు మొదలయ్యేలోపు పని పూర్తవుతుంది. స్థల వివరాలకు మా ఏఈ గారు అందుబాటులో ఉంటారు.’

ఇందులో జాప్యం అన్న మాట లేదు. ఉండనవసరం లేదు కూడా. సూచికలో తేదీలున్నాయి, రేపు ఎవరు ఫైలు తిప్పినా ఎన్నాళ్లు గడిచిందో వాళ్లకే తెలుస్తుంది. డ్రాయింగులో లోపం మన వైపుదని సంజాయిషీ రాసుకోనక్కర్లేదు, సవరించిన డ్రాయింగు జతచేస్తే సరిపోతుంది. అడిగింది ఒక్కటి, డిమాండ్‌ నోటీసు. అనుమతికి ముందు వాళ్ల బల్ల మీద జరగాల్సిన పని అదే కాబట్టి దాన్నే అడిగారు. గడువు వెనక కారణముంది. ‘తక్షణం’ అంటే ఎవరికీ పట్టదు గానీ, వానలకు ముందు అంటే ఏ ఇంజినీరుకైనా అర్థమవుతుంది.

నింద లేకుండా రాయమంటే కొందరు మరీ మెత్తబడిపోతారు. ‘అనుమతి అందవలసి ఉన్నది, పరిశీలనలో ఉన్నది’ అంటూ కర్త లేని వాక్యాలు రాస్తారు. జరిగిపోయిన దాని గురించి అలా రాస్తే మంచిదే, ఎవరికీ నొప్పి ఉండదు. జరగాల్సిన దాని గురించి మాత్రం అలా రాయకూడదు. ఎవరు, ఏ కాగితం, ఎప్పటికి అన్నవి స్పష్టంగా ఉండాలి.

నకళ్ల సంగతి మరీ ముఖ్యం. మొదటి రిమైండరుకే కలెక్టరుకు నకలు పెడితే లోపల ఎంత మర్యాదగా రాసినా అది ఫిర్యాదే. మొదటిది అధికారికి మాత్రమే వెళ్లాలి. పది పదిహేను రోజులు చూసి, కదలకపోతే మన అధికారి వారి అధికారికి పేరుపెట్టి డి.ఓ. లేఖ రాయవచ్చు. అప్పటికీ కదలకపోతే సమన్వయ సమావేశంలో పెట్టాల్సిందే. అయితే ముందురోజే ఫోన్‌ చేసి, ‘రేపు ఈ అంశం వస్తుందండీ, డిమాండ్‌ నోటీసు గురించి అడుగుతాం’ అని చెప్పాలి. చాలాసార్లు ఆ సాయంత్రమే ఫైలు కదులుతుంది.

ఎంత బాగా రాసినా పని చేయని సందర్భాలున్నాయి. సంతకం చేసే అధికారం ఆ అధికారికి లేకపోవచ్చు, పైనుంచి నిషేధం ఉండవచ్చు. అప్పుడు అనుమతి కోసం వెంటపడి లాభం లేదు. ‘ప్రతిపాదన మీ స్థాయిలో వీలుకాకపోతే ఏ స్థాయికి పంపాలో తెలుపగలరు’ అని అడగాలి. రాతపూర్వకంగా వచ్చిన ‘కాదు’ కూడా పనికొస్తుంది. దాంతో పైస్థాయికి వెళ్లవచ్చు, పైపులైను దారి మార్చుకోవచ్చు. మౌనంతో ఏమీ చేయలేం.

మీ బల్ల మీద కూడా పంపాల్సిన రిమైండరు ఉంటే, సంతకం పెట్టేముందు ‘తగు చర్య’ అన్నచోట గీత కొట్టి, మీకు కావాల్సిన కాగితం పేరు అక్కడ రాయండి. ఆ పేరు మీకే తెలియకపోతే లేఖ పక్కనపెట్టి, ముందు అవతలి సెక్షన్‌కు ఫోన్‌ చేయండి.