ఒకసారి డై బిగిస్తే ఎన్ని ముక్కలు?

పవర్ ప్రెస్ మీద ఒక డై తీసి మరో డై బిగించిన ప్రతిసారీ కొంత ఖర్చవుతుంది. బిగించే పనివాడి సమయం, కొలత కుదిరేదాకా తుక్కులో పడే మొదటి ముక్కలు, తనిఖీ అన్నీ అందులోకే వస్తాయి. ఆ తర్వాత వంద ముక్కలు తీసినా పదివేలు తీసినా ఈ సెటప్ ఖర్చు మారదు కాబట్టి ఒకే విడతలో ఎక్కువ చేయడం లాభమనిపిస్తుంది. అయితే అప్పటికి అక్కరలేని ముక్కలు గోడౌన్‌కు చేరతాయి. వాటిలో చిక్కుకున్న డబ్బుకు వడ్డీ, స్థలానికి అద్దె, తుప్పు వల్ల నష్టం కలిసి నిల్వ ఖర్చు పెరుగుతుంది. ఈ రెండు ఖర్చుల మొత్తం అతి తక్కువగా ఉండే విడత పరిమాణమే ఆర్థిక బ్యాచ్ పరిమాణం. అమెరికా ఇంజనీరు ఫోర్డ్ హారిస్ 1913లో దీనికి మూల సూత్రం ఇచ్చాడు. ఒకపక్క తయారవుతుండగానే మరోపక్క వాడకమూ సాగుతుంటే దాని రూపం ఇది:

Q = √(2DS / (h(1 − d/p)))

ఒక బ్రాకెట్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఏడాదికి కావలసినవి (D) 24,000. పనిదినాలు 300 కాబట్టి రోజు వాడకం (d) 80. ప్రెస్ రోజుకు తీసేవి (p) 400. ఒక్కో సెటప్‌కు (S) 900 రూపాయలు. ముక్క ధర 30 రూపాయలు, నిల్వ ఖర్చు ఏడాదికి అందులో 20 శాతం, అంటే (h) 6 రూపాయలు. లెక్క కడితే Q 3,000 వస్తుంది.

ఏడాదికి 8 సెటప్‌లకు 7,200 రూపాయలవుతాయి. ప్రెస్ నడుస్తున్నప్పుడే ఐదో వంతు ముక్కలు వాడకానికి పోతాయి కనుక నిల్వ 2,400 దాటదు. సగటు నిల్వ 1,200. దానికీ 7,200 రూపాయలే. మొత్తం 14,400. విడతను 1,500కు తగ్గించినా 6,000కు పెంచినా మొత్తం 18,000 అవుతుంది.

అయితే 3,000 అంకెను పట్టుకుని వేలాడనక్కరలేదు. 2,400 చేస్తే ఖర్చు 14,760. పెరిగేది 360 రూపాయలే. పైగా ఆరు రోజులు నడిపితే సరిగ్గా ముప్పై పనిదినాలకు సరిపోతుంది. షాపులో ఈ విడతే మేలు.

అసలు తప్పు తరచూ S దగ్గరే జరుగుతుంది. ప్రెస్‌కు ఖాళీ సమయం ఉండి, పనివాడికి నెల జీతం ఇస్తుంటే, ఒక సెటప్ తగ్గించినంత మాత్రాన ఆ జీతం మిగలదు. దాన్ని S లో కలిపితే విడత అనవసరంగా పెద్దదవుతుంది. ప్రెస్‌కు ఊపిరాడనంత పని ఉంటే మాత్రం సెటప్‌లో పోయిన ప్రతి గంటకూ ఆగిపోయిన ఉత్పత్తి విలువను లెక్కలోకి తీసుకోవాలి.

సూత్రం S ను మారనిదిగా తీసుకుంటుంది, కానీ అది తగ్గించగలిగినదే. జపాన్‌కు చెందిన షిగియో షింగో టొయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్‌కు నాలుగు గంటలు పట్టే డై మార్పిడిని మూడు నిమిషాలకు తెచ్చాడు. యంత్రం ఆపకుండా ముందే చేసిపెట్టుకోగల పనులను వేరుచేయడం ఆయన పద్ధతిలో తొలి మెట్టు. మన బ్రాకెట్‌కు సెటప్ ఖర్చు 225 రూపాయలకు దిగితే Q 1,500 అవుతుంది. రెండు ఖర్చులూ కలిపి ఏడాదికి 7,200 రూపాయలు చాలు.