మీకు తెలుసా? కిడ్నీలోనూ చెవిలోనూ తలుపు తెరిపించుకునే సూదిమందు

పెద్దాస్పత్రిలో పేషెంటు పక్కన కూర్చున్నవాళ్లకు ఒక సందేహం వస్తుంటుంది. "మిగతా సూదులు పూటకొకటి చేస్తున్నారు, ఈ అమికాసిన్ మాత్రం రోజుకొక్కటేనా? మర్చిపోయారేమో!" మర్చిపోలేదు. ఒక తరం కిందట ఈ మందుల్ని ఎనిమిది గంటలకోసారో పన్నెండు గంటలకోసారో చేసేవారు. ఇప్పుడు రోజంతటి మందునూ ఒక్కసారే ఎక్కిస్తున్నారు. మందు పెద్దగా తగ్గలేదు, గంటలు మారాయంతే. ఆ మార్పు వెనక కిడ్నీ కథ ఒకటుంది. చెవి కథ వేరు.

ఈ మందు ఒంట్లో ఎక్కడా అరగదని తెలుసా?

స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్, అమికాసిన్, కనామైసిన్, టోబ్రామైసిన్ అన్నీ ఒకే కుటుంబం. పేరు అమైనోగ్లైకోసైడ్లు. వీటిలో మొదటిది స్ట్రెప్టోమైసిన్. దాన్ని 1943లో అమెరికాలో, రట్గర్స్‌లోని సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ ఒక మట్టి సూక్ష్మజీవి నుంచి రాబట్టాడు. క్షయకు పనిచేసిన తొలి యాంటీబయాటిక్ అదే.

ఈ మందుల అణువులకు ధనావేశం ఎక్కువ, నీళ్లంటే ఇష్టం, కొవ్వు గిట్టదు. మన కణాల గోడలేమో కొవ్వు పొరలు. అందుకే చాలా కణాల్లోకి ఇవి పెద్దగా దూరలేవు. మింగితే పేగు దాదాపుగా పీల్చుకోదు కాబట్టి సూది తప్పనిసరి. లివరు వీటిని ముట్టుకోదు. రక్తంలో తిరిగి తిరిగి, వచ్చింది వచ్చినట్టే మూత్రంలో పోతాయి. ఇంత అమాయకమైన మందుకు ఒంట్లో రెండు చోట్ల మాత్రం తలుపులు తెరుచుకుంటాయి. చెడంతా అక్కడే.

కిడ్నీ ఈ మందును తానే పిలిచి లోపల పెట్టుకుంటుందని తెలుసా?

కిడ్నీ జల్లెడ గుండా రక్తం వడకట్టినప్పుడు, పారేయకూడని చిన్న ప్రోటీన్లు, విటమిన్లు కూడా కొన్ని జారిపోతాయి. జల్లెడ దాటగానే ఉండే సన్నని గొట్టం గోడల్లోని కణాలు వాటిని ఏరి వెనక్కి తెచ్చుకుంటాయి. ఆ ఏరే చేతుల్లో ఒకదాని పేరు మెగాలిన్. ధనావేశం ఉన్నదేది దొరికినా అది పట్టుకుంటుంది. జెంటామైసిన్ దానికి మంచి సరుకులాగే కనిపిస్తుంది. ఇచ్చిన మందులో సుమారు 5 శాతం ఇలా కిడ్నీ పైపొరలో చిక్కుకుపోతుంది. మిగిలిందంతా మూత్రంలో వెళ్లిపోతుంది.

చిక్కుకున్నది కణంలోని లైసోసోమ్ అనే అరుగుదల సంచిలోకి చేరుతుంది. మందు అరగదు సరికదా, కొవ్వుల్ని అరిగించే ఎంజైముల్ని కూడా అడ్డుకుంటుంది. కొవ్వు పేరుకుని ఆ సంచులు ఉబ్బుతాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే లోపల ఉల్లిపాయ పొరల్లాంటి ముద్దలు కనిపిస్తాయి. రోజులు గడిచేకొద్దీ సంచులు చిట్లి, మందు బయటికి కారి, కణాన్ని చంపుతుంది. కాబట్టి ఇది ఒక్క సూదితో అయ్యే పని కాదు. మామూలుగా అయిదారు రోజులు దాటాకే బయటపడుతుంది.

మూత్రం బాగానే వస్తున్నా కిడ్నీ దెబ్బతినవచ్చని తెలుసా?

మోసపోయేది ఇక్కడే. కిడ్నీ పాడైతే మూత్రం ఆగిపోతుందని మన నమ్మకం. ఈ మందు దెబ్బకు సాధారణంగా మూత్రం తగ్గదు. పలచబడి ఇంకాస్త ఎక్కువే రావచ్చు. ఇంట్లోవాళ్లు "మూత్రం బాగానే పోస్తున్నాడండీ" అంటుంటే, లోపల క్రియాటినిన్ మెల్లగా పైకి పాకుతుంటుంది. అందుకే మందు నడుస్తున్నన్నాళ్లూ రెండు మూడు రోజులకోసారి క్రియాటినిన్ చూడాలి. పొటాషియం, మెగ్నీషియం కూడా మూత్రంలో కారిపోవచ్చు. కండరాలు పట్టేస్తుంటే ఆ సంగతి గుర్తుకు రావాలి. ఊరటనిచ్చే విషయం ఒకటుంది: ఈ గొట్టం కణాలు తిరిగి మొలుస్తాయి. వేళకు మందు ఆపితే చాలామందిలో కొన్ని వారాల్లో కిడ్నీ కోలుకుంటుంది.

మందును ఒక్కసారే గుమ్మరిస్తే కిడ్నీకి తక్కువ చేరుతుందని తెలుసా?

వినడానికి తిరకాసుగా ఉంటుంది. ఏటి గట్టున ఒకడు ఏతం తొక్కుతున్నాడనుకోండి. ఏట్లో సన్నగా నీళ్లు పారుతుంటే రోజంతా తొక్కి బోలెడు తోడుకుంటాడు. అవే నీళ్లు ఒక్క గంటలో వరదై పోతే? ఏతం వేగం ఎప్పుడూ ఒక్కటే. అతని కళ్లముందే వరద దాటిపోతుంది. మెగాలిన్ కూడా ఆ ఏతం లాంటిదే. దానికీ ఒక హద్దుంది.

లెక్క వేసి చూద్దాం. కిడ్నీలు బాగున్న 60 కిలోల మనిషి. జెంటామైసిన్ కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు 300 మిల్లీగ్రాములు. ఒంట్లో ఈ మందు పరుచుకునే చోటు స్థూలంగా 15 లీటర్లు. ప్రతి రెండున్నర గంటలకు రక్తంలోని మందు సగమవుతుంది. 300 ఒక్కసారే ఇస్తే లీటరుకు 20 మిల్లీగ్రాముల ఎత్తుకు చేరుతుంది. పది గంటల్లో అది 1.25కు, పదిహేను గంటల్లో 0.3కు పడిపోతుంది. రోజులో మిగిలిన తొమ్మిది గంటలూ కిడ్నీ గొట్టానికి ఏరుకోవడానికి దాదాపు ఏమీ ఉండదు.

అదే 300ను వందేసి చొప్పున ఎనిమిది గంటలకోసారి ఇస్తే, శిఖరం ఏడున్నరకు మించదు, కానీ అడుగు 0.8 కంటే దిగదు. అంటే కిడ్నీకి ఒక్క నిమిషం కూడా విరామం లేదు. రెండు పద్ధతుల్లోనూ రక్తం గుండా పోయిన మందు మొత్తం ఒకటే. తేడా అంతా ఏతం ఎన్ని గంటలు పనిచేసిందనే దాంట్లో ఉంది.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. క్యాన్సర్ వల్ల కిడ్నీ తీసేయాల్సిన రోగులకు బెల్జియం పరిశోధకులు ఆపరేషన్‌కు ముందు ఈ మందులు ఇచ్చి, తీసిన కిడ్నీలో ఎంత చేరిందో కొలిచారు. జెంటామైసిన్‌ను ఒక్క మోతాదుగా ఇచ్చినవారి కిడ్నీలో, రోజంతా ధారగా ఎక్కించినవారి కంటే తక్కువ దొరికింది. టోబ్రామైసిన్‌కు మాత్రం ఆ తేడా కనపడలేదు. కుటుంబం ఒకటైనా అందరి గుణం ఒకటి కాదు.

1993లో ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు 'లాన్సెట్'లో రోగుల మీద పోలిక ప్రచురించారు. రోజుకొకసారి జెంటామైసిన్ తీసుకున్నవారిలో 5 శాతం మందికి, మూడుసార్లు తీసుకున్నవారిలో 24 శాతం మందికి కిడ్నీ దెబ్బతింది. తర్వాత వచ్చిన అధ్యయనాలన్నీ ఇంత పెద్ద తేడా చూపించలేదు గానీ, మొగ్గు మాత్రం మారలేదు.

కిడ్నీకి మేలైన ఈ పద్ధతి సూక్ష్మజీవికి చేటేనని తెలుసా?

పెన్సిలిన్ జాతి మందులు సూక్ష్మజీవిని చంపాలంటే ఎంతసేపు ఉన్నాయన్నది ముఖ్యం. అమైనోగ్లైకోసైడ్లకు ఎంత ఎత్తుకు లేచాయన్నది ముఖ్యం. సూక్ష్మజీవిని ఆపడానికి చాలినదానికి ఎనిమిది, పది రెట్ల శిఖరం ఉంటే గట్టిగా చంపుతాయి. రక్తంలో మందు పోయాక కూడా మిగిలిన సూక్ష్మజీవులు కొన్ని గంటలు తేరుకోలేవు. ఇది లేకపోతే కిడ్నీకిచ్చే విరామం ప్రమాదమయ్యేది.

చెవిలో తలుపు వేరని తెలుసా?

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాల కొసన సన్నటి కేశాలుంటాయి. ధ్వనికి అవి వంగగానే చిన్న రంధ్రాలు తెరుచుకుంటాయి. వినికిడికి మూలమైన ఆ రంధ్రాల గుండానే మందు కూడా లోపలికి జారుతుంది. లోపలికి వెళ్లింది త్వరగా బయటికి రాదు, నెలలపాటు ఉండగలదు. ముందు పోయేవి కీచు శబ్దాలు పట్టే కణాలు. మాటలు వినడానికి అవి అంతగా అక్కర్లేదు కాబట్టి మొదట్లో మనిషికి ఏమీ తెలియదు. చెవిలో గుయ్‌మంటున్నప్పుడో, ఫోనులో మాట అర్థం కానప్పుడో తెలుస్తుంది. కోడి చెవిలో ఈ కణాలు మళ్లీ మొలుస్తాయి. మనకు మొలవవు.

అమికాసిన్, కనామైసిన్ ఎక్కువగా వినికిడిని కొడతాయి. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ ఎక్కువగా పక్కనే ఉన్న తూకం అవయవాన్ని కొడతాయి. అది పోయినవారికి తల తిరగదు. చీకట్లో నడవలేరు, నడుస్తుంటే ఎదుటి బోర్డులు ఎగిరెగిరి పడుతున్నట్టు కనిపిస్తాయి. స్ట్రెప్టోమైసిన్‌తో అలా తూకం పోగొట్టుకున్న ఒక అమెరికన్ వైద్యుడు 1952లో పేరు చెప్పకుండా తన అనుభవం రాశాడు. తన నాడి కొట్టుకోవడానికి తల కదిలి, అక్షరాలు ఊగేవట. పుస్తకం చదవాలంటే మంచం తలాపు కడ్డీల మధ్య తల ఇరికించుకోవాల్సి వచ్చేది.

రోజుకొక్క సూది ఈ చెవిని కాపాడుతుందా? కిడ్నీని కాపాడినంత ధీమాగా చెప్పడానికి ఆధారం లేదు. పోల్చిన అధ్యయనాల్లో చెవి నష్టం రెండు పద్ధతుల్లో ఇంచుమించు సమానంగానే కనిపించింది. "రోజుకొకటే కదా, భయం లేదు" అని ఎవరైనా అంటే, ఆ మాట కిడ్నీకి చాలావరకు నిజం, చెవికి కాదు. చెవికి మేలు చేసేది కోర్సును కుదించడమే.

కొందరికి ఒకటి రెండు సూదులకే చెవుడు రావచ్చని తెలుసా?

ఈ మందులు సూక్ష్మజీవి ప్రోటీన్లు తయారుచేసే రైబోసోమును పట్టుకుంటాయి. మన కణాల్లోని మైటోకాండ్రియాకూ తనదైన రైబోసోము ఉంది. అది సూక్ష్మజీవి దాన్ని పోలి ఉంటుంది. దాని జన్యువులో 1555వ స్థానంలో ఒక్క అక్షరం మారితే పోలిక ఇంకా ఎక్కువవుతుంది, మందు అక్కడా పట్టుకుంటుంది. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది కాబట్టి ఈ గుణమూ తల్లి వైపు నుంచే వస్తుంది. ఇంగ్లండులో పసిపిల్లల ఐసీయూల్లో, మందు మొదలుపెట్టేలోపే అరగంటలో ఈ మార్పును పట్టే పరీక్షను వాడి చూశారు.

రోజుకొక్క సూది అందరికీ కాదని తెలుసా?

పై లెక్కంతా రెండున్నర గంటలకోసారి మందు సగమైతేనే. కిడ్నీ మందగిస్తే ఆ సగం కావడానికి పది గంటలు పట్టొచ్చు. అప్పుడు మర్నాటి సూది నాటికి నిన్నటి మందు ఇంకా నిలవ ఉంటుంది. వాళ్లకు 36 గంటలకో 48 గంటలకో ఇస్తారు, లేదా వేరే మందు చూస్తారు. బక్కచిక్కిన ముసలివాళ్లలో కండ తక్కువ కాబట్టి, కిడ్నీ సగం పోయినా క్రియాటినిన్ మామూలుగానే కనిపిస్తుంది. వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండినవారిలో, వాంకోమైసిన్ లేదా నొప్పి మాత్రలు కూడా వాడుతున్నవారిలో కిడ్నీ ముప్పు పెరుగుతుంది. ఫ్యూరోసిమైడ్ సూది జతకలిస్తే చెవి ముప్పు పెరుగుతుంది. తర్వాతి సూదికి ముందు తీసిన రక్తంలో జెంటామైసిన్ లీటరుకు 1 మిల్లీగ్రాము కంటే తక్కువ ఉండాలి. ఎక్కువ ఉంటే సూది ఆపి, వ్యవధి పెంచాలి.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ సూదులు మొదలుపెడుతుంటే, తల్లి తరఫు బంధువుల్లో ఎవరికైనా సూదిమందు తర్వాత చెవుడు వచ్చిందేమో గుర్తు చేసుకుని డాక్టరుకు చెప్పండి. సూదులు నడుస్తుండగా చెవిలో మోత వచ్చినా, లేచి నడుస్తుంటే తూలినా రేపటి రౌండ్స్ దాకా ఆగకండి. తర్వాతి సూది పడకముందే నర్సుకు చెప్పండి.